సా పామెటో రెండు నెలలుగా వాడుతున్నా తగ్గలేదు, మోతాదు పెంచొచ్చా?

పర్లాకిమిడి_శ్రీను
మా నాన్నగారికి 68. ఏడాదిగా రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నారు. ధార సన్నగా వస్తోంది, మొదలవ్వడానికి చాలాసేపు నిలబడాలి. నొప్పి లేదు, మంట లేదు. ఆన్‌లైన్లో ప్రొస్టేట్‌కి మంచిదని అమ్మే సా పామెటో అనే మొక్క కాయల క్యాప్సూళ్లు తెప్పించాను. 160 మిల్లీగ్రాములవి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. రెండు నెలలైనా మార్పు లేదు. రోజుకి నాలుగు చేయొచ్చా? సంతలో ఒకాయన పల్లేరు కాయల పొడి కూడా ఇచ్చాడు, రెండూ కలిపి వేసుకోవచ్చా? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నొప్పి లేనిదానికి డాక్టరెందుకురా" అంటున్నారు.

గుణుపురం_లక్ష్మి
ఉలవలు రాత్రి నానబెట్టి పొద్దున ఆ కట్టు తాగించండి. బార్లీ నీళ్లు రోజుకి రెండు లీటర్లు. రాయి ఉంటే పడిపోతుందంటారు.

పర్లాకిమిడి_శ్రీను
లక్ష్మిగారూ, రాయి అని ఎవరూ చెప్పలేదండీ. స్కానింగే తీయలేదు.

పచ్చని_ఆకు
సా పామెటోకి టైమివ్వాలి బ్రదర్. కనీసం ఆరు నెలలు. యూరప్‌లో డాక్టర్లే రాస్తారు. 1998లో అమెరికా వైద్య పత్రికలో 18 అధ్యయనాల సమీక్ష వచ్చింది, దాదాపు మూడు వేల మంది మగవాళ్ల మీద. పనిచేస్తుందనే తేలింది. మోతాదు రెట్టింపు చేసినా ఏమీ కాదు, మొక్కే కదా.

బరంపురం_యూరో
శ్రీను గారూ, మోతాదు సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుగు విషయాలు చెప్పండి.

నాన్నగారికి నిద్రలో తెలియకుండా లుంగీగానీ పక్కగానీ తడుస్తోందా? ఒంటికి వెళ్లొచ్చాక ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు కింద చెయ్యి పెడితే గట్టిగా, గుండ్రంగా ఏమైనా తగులుతోందా? ఈమధ్య ఆకలి తగ్గడం, పొద్దున వికారం, కాళ్లవాపు ఉన్నాయా? ఈ నెలలో జలుబుకిగానీ నిద్రకిగానీ కొత్త మాత్రలేమైనా వేసుకున్నారా?

జయపురం_మూర్తి
నాకు 71. ఇదే మందు మూడేళ్లుగా వాడుతున్నాను, బాగానే ఉంది. రాత్రి మూడుసార్లే లేస్తాను. మానేస్తే ఎక్కువవుతుందేమోనని భయం. అందుకని శ్రీను నాన్నగారు మానొద్దనే నా సలహా.

పర్లాకిమిడి_శ్రీను
డాక్టర్ గారూ, మీరు అడిగాక అమ్మని అడిగాను. మూడు వారాలుగా తెల్లవారేసరికి లుంగీ తడిగా ఉంటోందట, నాన్నగారు సిగ్గుపడి ఎవరికీ చెప్పొద్దన్నారట. పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. బొడ్డుకి నాలుగు వేళ్ల కిందనుంచి గట్టిగా కొబ్బరికాయలా ఉంది, నొక్కితే ఒంటికి వస్తున్నట్టుందన్నారు. ఆకలి తగ్గింది, ఆ వయసుకి మామూలే అనుకున్నాం. నెల క్రితం జలుబుకి మందులకొట్లో ఇచ్చిన మాత్రలు అయిదు రోజులు వేసుకున్నారు.

బరంపురం_యూరో
అయితే రేపటిదాకా ఆగొద్దు, ఈరోజే తీసుకెళ్లండి.

చేతికి తగిలింది మూత్రాశయమే అయ్యుంటుంది, వెళ్లొచ్చాక కూడా నిండుగానే ఉందన్నమాట. నిద్రలో తడవడమంటే ఆయనకి ఆపుకునే శక్తి పోయిందని కాదు. సంచి నిండిపోయి పొర్లుతోంది. ఇలా నెలల తరబడి కొద్దికొద్దిగా సాగుతూ పెరిగిన సంచి నొప్పి చేయదు. ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయినవాళ్లు నొప్పికి కేకలు పెడుతూ మా దగ్గరికి వస్తారు, వాళ్లకి అదే మేలు. మీ నాన్నగారిలాంటివాళ్లకి నొప్పి లేకపోవడంవల్లే ఆలస్యమవుతుంది. లోపలి ఒత్తిడి గొట్టాల గుండా వెనక్కి వెళ్లి కిడ్నీలు ఉబ్బుతాయి. ఆకలి తగ్గడం అందువల్లేమో చూడాలి.

అక్కడ మూడు చేయించండి: పొట్ట స్కానింగ్, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్‌తోబాటు పొటాషియం, మామూలు మూత్ర పరీక్ష. స్కానింగ్ చీటీలో "వెళ్లకముందు, వెళ్లాక రెండుసార్లు కొలవాలి" అని రాయించండి. అలా రాయకపోతే చాలాచోట్ల ఒకసారే చూసి పంపేస్తారు, మనకి కావలసిన అంకె రాదు.

రాయగడ_మందులకొట్టు
ఆ జలుబు మాత్రల అట్ట మీద క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అని ఉందేమో చూడు తమ్ముడూ. సాధారణంగా జలుబుకి అమ్మేవాటిలో ఈ రెండూ ఉంటాయి. ఒకటి మూత్రాశయం కండరాన్ని బలహీనపరుస్తుంది, రెండోది కింద దారిని బిగిస్తుంది. ప్రొస్టేట్ పెరిగినవాళ్లకి అయిదు రోజులు చాలు, అంతవరకూ నెట్టుకొస్తున్నది చెడిపోవడానికి. జలుబు తగ్గింది కదా అని ఎవరూ దాన్నీ దీన్నీ ముడిపెట్టుకోరు. జలుబు మాత్ర అడిగిన ముసలాయనలని నేనైతే "ధార ఎలా ఉంది పెద్దాయనా" అని అడిగాకే ఇస్తాను.

పల్లేరు పొడి మాత్రం ఇప్పుడు వద్దు. మనవాళ్లు దాన్ని మూత్రం జారీ చేయడానికి వాడతారు. కింద కాలువ పూడిపోతే పైనుంచి నీళ్లు వదిలి ఏం లాభం?

గుణుపురం_లక్ష్మి
అయ్యో, నేను సరిగా చదవకుండా రాశాను. బార్లీ నీళ్లు రెండు లీటర్లు ఇవ్వకండి బాబూ.

పచ్చని_ఆకు
అర్జంటు అయితే తీసుకెళ్లండి, కాదనను. కానీ ఆయనకి సా పామెటో వల్ల నష్టం జరగలేదు కదా? 18 అధ్యయనాల గురించి డాక్టర్ గారు ఏమీ అనలేదు.

బరంపురం_యూరో
ఆ సమీక్ష నిజమే, మీరు చెప్పిన ఫలితమూ నిజమే. అందులోని అధ్యయనాలు చాలావరకు రెండు మూడు నెలలవి. ఇంకో చిక్కుంది. సా పామెటో కాయల నూనెకి ఘాటైన వాసన. పోల్చి చూడడానికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్‌కి అది లేకపోతే తను వేసుకునేది ఏదో రోగికి తెలిసిపోతుంది.

2006లో అమెరికాలో 225 మంది మీద ఏడాదిపాటు చూసినప్పుడు ఉత్తుత్తి క్యాప్సూల్‌ని కూడా అదే రంగులో, అదే వాసనతో తయారుచేశారు. మోతాదు శ్రీను గారి నాన్నగారు వాడినదే, 160 రెండుపూటలా. తేడా కనబడలేదు. "మోతాదు చాలలేదు" అన్నారు అప్పుడు. అందుకని 2011లో 369 మందికి 320తో మొదలుపెట్టి 640కి, ఆపైన 960కి పెంచుతూ 72 వారాలు ఇచ్చి చూశారు. ఇబ్బందుల్ని 35కి లెక్కేసే కొలతలో సా పామెటో వాళ్లకి సుమారు రెండు పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్లకి సుమారు మూడు. కాబట్టి "నాలుగు చేయొచ్చా" అన్న ప్రశ్నకి జవాబు 2011 నుంచీ ఉంది: ఆరు చేసినా తేడా లేదు.

2023లో వైద్య అధ్యయనాల్ని సమీక్షించే కొక్రేన్ సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు కలిపి చూసినా తేలింది ఇదే.

ఆ క్యాప్సూల్ కిడ్నీని పాడుచేయలేదు, అదీ నిజమే. ఆయన రెండు నెలలు దాన్ని నమ్ముకుని పరీక్షకి రాలేదు. నా లెక్కలో నష్టం అది.

పచ్చని_ఆకు
2011లో వాడిన సారం వేరండీ. ఫ్రాన్స్‌లో హెక్సేన్ అనే ద్రావకంతో తీసిన సారం ఉంటుంది. దాన్ని వాళ్లు పరీక్షించలేదు. యూరప్ మందుల సంస్థ కూడా హెక్సేన్ సారాన్నే వేరుగా గుర్తించింది.

బరంపురం_యూరో
ఈ మాటలో పస ఉంది. యూరప్ యూరాలజీ మార్గదర్శకాలు కూడా ఆ హెక్సేన్ సారాన్నే పేర్కొంటాయి. మిగతా మందులతో వచ్చే లైంగిక ఇబ్బందులు వద్దనుకునే మగవాళ్లకి ఇవ్వొచ్చనీ, ప్రయోజనం కొద్దిపాటిదేనని ముందే చెప్పాలనీ అంటాయి. అమెరికా వాళ్లు సిఫారసు చేయరు. ఈ రెండు వాదనల్లో ఏది గెలుస్తుందో నేను తేల్చలేను. అయితే ఇరువైపులా పరీక్షలు చేయించుకుని, అడ్డు తీవ్రంగా లేదని తేలినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. పొట్ట కింద కొబ్బరికాయ తగులుతున్న మనిషి గురించి కాదు.

రాయగడ_మందులకొట్టు
ఇక్కడ అమ్మేవాటి అట్టలు చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. అధ్యయనాల్లో ఇచ్చింది కాయలనుంచి తీసిన నూనె సారం, అందులో కొవ్వు ఆమ్లాలే ఎక్కువ పాలు. మన దగ్గర చాలా సీసాల్లో ఎండిన కాయల పొడి ఉంటుంది. "500 మిల్లీగ్రాములు" అని పెద్దక్షరాల్లో రాసి, కింద చిన్నక్షరాల్లో "పొడి" అంటారు. 500 పొడి, 320 సారం కంటే ఎక్కువని కొనేవాళ్లు అనుకుంటారు, నిజానికి రెంటికీ పోలికే లేదు. కొన్నిట్లో సా పామెటో నామమాత్రం, దాంతోబాటు పైజియం, జింకు, గుమ్మడి గింజలు, ఇంకా పది రకాలు. ఏ ఒక్కటీ పరీక్షించిన మోతాదులో ఉండదు.

మనూళ్ల సంతల్లో అమ్మేవాటిది ఇంకో తీరు. ఉలిమిరి చెక్క, గలిజేరు, పల్లేరు విడివిడిగా ఎండబెట్టి అమ్మితే ఆకారం చూసి పోల్చుకోవచ్చు. పొడి చేసేశాక అది ఏమిటో అమ్మినాయనకీ తెలియదు. భస్మాలు కలిపిన మాత్రలంటే మరీ భయం. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో బోస్టన్ దుకాణాల్లో 70 ఆయుర్వేద ఉత్పత్తులు కొని చూస్తే, అయిదింటిలో ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. కిడ్నీ ఇప్పటికే ఉబ్బి ఉన్న మనిషికి అది మోయలేని బరువు.

సిరోంచ_రాజన్న
గుమ్మడి గింజలు మంచివేనంటరు కద? మా బాపు రోజూ గుప్పెడు తింటడు.

బరంపురం_యూరో
తిననివ్వండి రాజన్న గారూ, అది తిండి. 2015లో జర్మనీలో 1,431 మంది మీద ఏడాది చూశారు. గింజలు పూటకి అయిదు గ్రాములు, రోజుకి రెండు పూటలు తిన్నవాళ్లకి కొంచెం మేలు కనిపించింది, సారం క్యాప్సూల్ వేసుకున్నవాళ్లకి కనిపించలేదు. ఆ కొంచెం మేలుకీ గట్టి సాక్ష్యమేమీ లేదు. బాపు గారు ఎప్పుడైనా ధార చూపించుకున్నారా?

సిరోంచ_రాజన్న
చూపిచ్చిండు. టామ్సులోసిన్ రాసిన్రు, రోజూ రాత్రి ఒక గోలి. మంచిగున్నది. వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉన్నది, శిబిరంల.

రాయగడ_మందులకొట్టు
రాజన్నా, ఆపరేషన్ చేసే కంటి డాక్టరుకి ఆ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. టామ్సులోసిన్ వాడేవాళ్ల కంటిపాప ఆపరేషన్ మధ్యలో మెత్తబడి ముడుచుకుపోతుంది. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గ ఏర్పాట్లతో కూర్చుంటారు. నాలుగు రోజులు మానేస్తే సరిపోతుందనుకోకండి, మానేశాక కూడా ఆ ప్రభావం చాలాకాలం ఉంటుంది. మానడమా, వాడడమా అన్నది ఆయన్నే చెప్పనివ్వండి. శిబిరాల్లో హడావుడిలో అడగకపోవచ్చు. అట్ట జేబులో పెట్టి పంపండి.

సిరోంచ_రాజన్న
గిది మాకెవ్వరు చెప్పలే. అట్ట పంపిస్త.

పర్లాకిమిడి_శ్రీను
బరంపురం వచ్చాం. నాన్నగారు దారంతా మాట్లాడలేదు. స్కానింగ్‌లో వెళ్లకముందు 910 మిల్లీలీటర్లు, వెళ్లొచ్చాక 780. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయన్నారు. క్రియాటినిన్ 2.9, పొటాషియం 5.4. ప్రొస్టేట్ 58 గ్రాములట. వెంటనే పైపు వేశారు.

ఇక్కడ పక్క మంచం వాళ్లు, ఒక్కసారిగా మొత్తం తీసేస్తే ప్రమాదం, ఆపి ఆపి తీయాలి అంటున్నారు. వీళ్లు ఒక్కసారే వదిలేశారు. పైపుకి తగిలించిన సంచిలో కొంచెం ఎర్రగా వచ్చింది. భయంగా ఉంది.

బరంపురం_యూరో
మంచి పని చేశారు. ఆపి ఆపి తీసే పద్ధతి పాతది. రెండు రకాలుగానూ తీసి పోల్చి చూశారు, ఆపి తీసినందువల్ల లాభం కనబడలేదు. సాగిపోయిన గోడ ఒక్కసారి వదులైనప్పుడు కొంచెం ఎరుపు రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. గడ్డలు వస్తేనో, పైపు ఆగిపోతేనో సిస్టర్‌ని వెంటనే పిలవండి.

ఈ రాత్రి మీరు చూడాల్సింది సంచిలో పడే మొత్తం. కిడ్నీలు ఇన్నాళ్లు బిగబట్టిన ఉప్పునీ నీటినీ ఒక్కసారిగా వదిలేస్తాయి. గంటకి 200 మిల్లీలీటర్లు దాటి రెండు మూడు గంటలు వరసగా వస్తే సిస్టర్‌కి చెప్పండి, సోడియం, పొటాషియం మళ్లీ చూస్తారు, అవసరమైతే సెలైన్ పెడతారు. దాహమేస్తే తాగనివ్వండి. "ఎంత పోతే అంత తాగించాలి" అని బలవంతంగా పట్టించొద్దు, అలా చేస్తే ఆ ధార ఆగనే ఆగదు.

యూరో_వార్డు_సిస్టర్
సంచి గంటగంటకీ కొలిచి కాగితం మీద రాసుకో తమ్ముడూ, టైముతో సహా. కంటితో చూసి "చాలా వచ్చింది" అంటే రౌండ్స్‌లో పనికిరాదు. సంచి మంచం కింద, పొట్టకంటే దిగువన వేలాడాలి, నేలకి తగలకూడదు. పైపు తొడకి అతికించి ఉంచాలి, లాగినట్టుంటే గాయమవుతుంది. నాన్నగారు నిద్రలో లాగేస్తారేమో రాత్రి కనిపెట్టి ఉండు.

పర్లాకిమిడి_శ్రీను
రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు 2,650 వచ్చింది అక్కా. మొదటి మూడు గంటలు 400 పైనే. సెలైన్ పెట్టారు. పొద్దున తేటగా ఉంది. నాన్నగారు ఇడ్లీ అడిగి తిన్నారు, రెండు వారాల తర్వాత అడిగి తినడం ఇదే.

జయపురం_మూర్తి
చాలా సంతోషం బాబూ. ఇదంతా చదివాక నా గురించి నాకే అనుమానం వచ్చింది. డాక్టర్ గారూ, నాకు ధార బాగానే ఉంది, ఆగి ఆగి రాదు. రాత్రి మాత్రం మూడుసార్లు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటాను. సా పామెటో నాకు పనిచేస్తున్నట్టా, లేనట్టా?

బరంపురం_యూరో
మూర్తి గారూ, ఒక కొలగ్లాసు కొనండి. మూడు రోజులు, పగలూ రాత్రీ, ప్రతిసారీ ఎంత వచ్చిందో టైము వేసి రాయండి. రాత్రి లెక్క ఇలా: పడుకున్నాక వచ్చినవీ, పొద్దున లేవగానే వచ్చే మొదటిదీ కలిపి. సాయంత్రం కాలి మడమ దగ్గర వేలితో నొక్కి గుంట పడుతోందో లేదో కూడా రాయండి.

పచ్చని_ఆకు
శ్రీను నాన్నగారికి ఇప్పుడు పైపు తీసేసి టామ్సులోసిన్ వేస్తే సరిపోతుందా? మా బాబాయికి అలాగే తీసేశారు.

బరంపురం_యూరో
మీ బాబాయి గారికి ఉన్నట్టుండి ఆగిపోయి ఉంటుంది. వాళ్లకి మాత్ర మొదలుపెట్టి, రెండు మూడు రోజులకి పైపు తీసి చూస్తాం, చాలామందికి మళ్లీ వస్తుంది. కిడ్నీలు ఉబ్బి, క్రియాటినిన్ పెరిగినవాళ్లకి అలా తీసి చూడడం మంచిది కాదు, మళ్లీ నొప్పి లేకుండానే నిండుతుంది. పైపు ఉంచి, క్రియాటినిన్ దిగి ఒకచోట నిలబడ్డాక ఆపరేషన్ చేస్తారు. ఎంతవరకు దిగుతుందో ముందే చెప్పలేం. శ్రీను గారూ, ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ చేయమన్నారా?

పర్లాకిమిడి_శ్రీను
చేయమని ఎవరో అన్నారు, పెద్ద డాక్టరు వద్దన్నారు. ఎందుకో అడగడానికి ధైర్యం చాలలేదు.

బరంపురం_యూరో
సరిగ్గానే అన్నారు. మూత్రం ఆగిపోయి పైపు వేసిన రోజుల్లో పీఎస్‌ఏ తప్పుగా పెరిగి కనిపిస్తుంది, మూత్రంలో చీము ఉన్నా అంతే. అందరూ భయపడి ముక్క పరీక్షకి పరిగెత్తుతారు. చీము తగ్గాక ఆరు వారాలు ఆగి చేస్తే అంకెని నమ్మొచ్చు. ఈలోపు వేలితో చూసిన పరీక్షలో ప్రొస్టేట్ నున్నగా ఉందా, గట్టి గడ్డ తగిలిందా అన్నది డాక్టర్ని అడగండి, అది ఇప్పుడే తెలుస్తుంది. గట్టిగా తగిలి ఉంటే ఆరు వారాలు ఆగమని ఎవరూ చెప్పరు.

సిరోంచ_రాజన్న
సా పామెటో వాడితే పీఎస్‌ఏ తక్కువ చూపిస్తదని ఎక్కడో చదివిన. రోగం దాస్తదా?

రాయగడ_మందులకొట్టు
అది ప్రొస్టేట్‌ని కుదించే ఫినాస్టరైడ్ మాత్ర సంగతి రాజన్నా. ఆరు నెలలు దాటి వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడుతుంది, అందుకే వచ్చిన అంకెని రెట్టింపు చేసి చదువుతారు. సా పామెటో కూడా అదే దారిలో పనిచేస్తుందని సీసాల మీద రాస్తారు, ప్రయోగశాల గాజు గొట్టాల్లో కొంత నిజమే. మనుషుల్లో 960 మిల్లీగ్రాములు ఇచ్చినా పీఎస్‌ఏ కదల్లేదు. ఆ దారిలో పనిచేయడం లేదనడానికి అదే గుర్తు.

శ్రీనూ, ఆపరేషన్ చేసే డాక్టరుకి మాత్రం "రెండు నెలలు ఈ క్యాప్సూల్ వాడారు" అని సీసా చూపించు. ఆపరేషన్లో రక్తం ఆగక ఇబ్బంది పడిన కేసు ఒకటి నమోదై ఉంది. సా పామెటో వల్లే అని రుజువు కాలేదు, అయినా ముందే మానేసి చెప్పడం నయం. ఆస్పిరిన్‌లాంటిది ఏదైనా వేసుకుంటున్నారా?

పర్లాకిమిడి_శ్రీను
గుండె కోసం ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నారు, ఆ సంగతి చెప్పాం. క్యాప్సూళ్ల సంగతి చెప్పలేదు, "మందు కాదు కదా" అనుకున్నాం. సీసా రేపు తెస్తాను. వేలి పరీక్షలో నున్నగా ఉందన్నారట.

జయపురం_మూర్తి
మూడు రోజులు కొలిచాను. సగటున పగలు 900, రాత్రి 1,100. రాత్రి ఒక్కోసారి 350 పైనే వస్తోంది. మడమ దగ్గర గుంట పడుతోంది, ముఖ్యంగా దుకాణంలో నిలబడ్డ రోజున.

బరంపురం_యూరో
ఇందుకే కొలవమన్నాను. రోజు మొత్తంలో రాత్రి వాటా మూడోవంతు దాటకూడదు, మీకు సగం దాటింది. ప్రొస్టేట్ అడ్డుపడితే ఒక్కోసారి కొద్దికొద్దిగా వస్తుంది, మీకు 350 ధారాళంగా వస్తోంది. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి వచ్చి కిడ్నీల గుండా పోతోంది. ఆమ్లోడిపిన్ కాళ్లవాపు తెస్తుంది. గుండె, కిడ్నీ కూడా చూడాలి, గట్టిగా గురక ఉంటే అది కూడా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకి రాత్రి మూత్రం పెరుగుతుంది. బీపీ మాత్ర మీ అంతట మీరు మానొద్దు, ఈ కాగితం పట్టుకుని బీపీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకసారి వెళ్లొచ్చాక మిగిలేది కూడా కొలిపించండి, కడుపు పగిలేలా నీళ్లు తాగి గంటలు ఆపుకుని వెళ్లొద్దు. అతిగా నింపితే మంచి మూత్రాశయం కూడా పూర్తిగా ఖాళీ కాదు.

జయపురం_మూర్తి
మరి ఆ క్యాప్సూల్ మూడేళ్లుగా ఏం చేసినట్టు?

బరంపురం_యూరో
మొదలుపెట్టే ముందు ఎన్నిసార్లు లేచేవారో ఎక్కడైనా రాసుకున్నారా?

జయపురం_మూర్తి
లేదు. "చాలాసార్లు" అని గుర్తు.

పచ్చని_ఆకు
మూర్తి గారు ఒక నెల మానేసి, ఇదే కొలగ్లాసుతో మళ్లీ కొలిస్తే తెలిసిపోతుంది కదా? నేను సా పామెటో పక్షమే, అయినా ఇది న్యాయమైన పరీక్ష. హెక్సేన్ సారం మాట మాత్రం నేను వదలను.

బరంపురం_యూరో
మంచి ఆలోచన. అది మానితే ప్రమాదమేమీ లేదు. బీపీ మందు మార్పూ ఇదీ ఒకే నెలలో చేయొద్దు, దేనివల్ల తగ్గిందో తెలియదు.

పర్లాకిమిడి_శ్రీను
పదో రోజు. క్రియాటినిన్ 1.6కి దిగింది, రెండు రోజులుగా అక్కడే ఉంది. ఇంకా దిగొచ్చు, దిగకపోవచ్చు అన్నారు. ఆపరేషన్ మూడు వారాల తర్వాత, అప్పటిదాకా పైపుతోనే ఇంటికి. సీసా చూపిస్తే డాక్టరు గారు కేసు షీటులో రాసుకున్నారు.

సిస్టర్ అక్కా, పైపుతో నాన్నగారు స్నానం చేయొచ్చా? సంచి ఎప్పుడెప్పుడు ఖాళీ చేయాలి?

యూరో_వార్డు_సిస్టర్
చేయొచ్చు. పైపు లోపలికి వెళ్లే చోట సబ్బు నీళ్లతో రోజూ కడగాలి, ముందు తోలు వెనక్కి తీసి కడిగి మళ్లీ ముందుకి వదలాలి, వెనకే ఉంచేస్తే వాచిపోతుంది. డెట్టాల్ రాయొద్దు. సంచి మూడొంతుల్లో రెండొంతులు నిండగానే ఖాళీ చెయ్యి, చేతులు ముందూ తర్వాతా కడుక్కో. పైపుని సంచినుంచి ఊడదీయొద్దు, కింద కుళాయి తిప్పే వదలాలి. చలిజ్వరం వచ్చినా, నాలుగు గంటలు సంచిలో ఏమీ పడకపోయినా ఫోను చేసి ఊరుకోకుండా తీసుకొచ్చెయ్యి.

గుణుపురం_లక్ష్మి
మా ఆయనకి 66. ఆయన కూడా మొదలవ్వడానికి నిలబడతారు, అడిగితే చిరాకు పడతారు. పొద్దున లుంగీ సంగతి నేనే చూస్తాను. స్కానింగ్ చీటీలో ఏం రాయించాలన్నారు డాక్టర్ గారూ?

బరంపురం_యూరో
"ఒంటికి వెళ్లకముందు, వెళ్లాక, రెండుసార్లు కొలవాలి." ఇంతే రాయించండి అమ్మా. వెళ్లొచ్చిన పది పదిహేను నిమిషాల్లోపే రెండోసారి కొలవమనండి.